వందకు రెండు తక్కువ

పంపిన సరుకు వెనక్కి వచ్చిందంటే దాన్ని దించేవాడికి కూడా మనం లోకువే. ఆ పొద్దున బండివాడు అట్టపెట్టెల్ని గుమ్మంలో దబదబా పడేసి, సంతకం కోసం నా మొహాన కాగితం చాపి, "ఏంటమ్మా, అన్నీ వెనక్కేనా?" అని అడిగాడు. అతనికెందుకో ఆ ఆరాలు. ఒక్కో పెట్టెలో ఒక్కో మీటరు బ్రిడ్జి, కాలేజీ లాబుల్లో కరెంటు నిరోధం కొలిచే బోర్డు. పగలకుండా చుట్టూ పాత కాగితాలు కూరి, తాళ్ళు బిగించి నేనే సర్దిన పెట్టెలు. ఇప్పుడు మూతలు ఊడి, తాళ్ళు వేలాడుతున్నాయి. ఒక్కొక్కటే లోపలికి మోసుకొచ్చేసరికి నడుం పట్టేసింది. ఇంకా పొయ్యి కూడా వెలిగించలేదు.

మా ఆయన ఒక్క పెట్టె ముట్టుకోలేదు. ఫోను చెవికి ఆనించుకుని "అలాగే మేడం, తప్పకుండా మేడం" అంటూ ముందుగదిలో అటూ ఇటూ తిరుగుతున్నాడు. అవతల మాట్లాడుతున్నది బోర్డులు వెనక్కి పంపిన కాలేజీలో ఫిజిక్సు చెప్పే మేడం. ఆవిడ గొంతు నాకూ వినిపిస్తూనే ఉంది.

"చుట్టల్ని అటుది ఇటు, ఇటుది అటు మార్చి పెడితే రెండు రీడింగులూ కలిపి వంద రావాలి కదండీ. మీ బోర్డుల మీద తొంభై ఎనిమిదే వస్తోంది. పిల్లలు తప్పు తమదే అనుకుని చేసిందే మళ్ళీ మళ్ళీ చేస్తున్నారు. చూడలేకపోతున్నాను."

ఫోను పెట్టేసి మా ఆయన నా వైపు తిరిగాడు.

"విన్నావుగా?"

"విన్నాను."

"నువ్వు బల్ల దగ్గర కూర్చోకముందు మన బోర్డు ఒక్కటి కూడా వెనక్కి రాలేదు."

ఒళ్ళు మండింది. కానీ పొద్దున్నే పోట్లాటకి ఓపిక కావాలి, అది నా దగ్గర లేదు. పెట్టెల్ని గోడవారకి జరిపి వంటింట్లోకి వెళ్ళిపోయాను.

ఇంటి ముందు రెండు గదుల్లో మాకో చిన్న వర్క్‌షాపు ఉంది. స్కూళ్ళకీ కాలేజీలకీ లాబ్ సామాను చేస్తాం. ముఖ్యంగా మీటరు బ్రిడ్జిలు. చూడ్డానికి అందులో ఏముంది గనక? మీటరు కన్నా కాస్త పొడుగున్న చెక్క, దాని మీద బిగించి కట్టిన సన్నటి తీగ, తీగ వెంట వంద సెంటీమీటర్ల స్కేలు. తీగ రెండు కొసల్నీ మందపాటి రాగి పట్టీలకు టంకం వేసి అతుకుతాం. వాటికి పైన మరో పొడుగాటి రాగి పట్టీ, పట్టీల మధ్య రెండు ఖాళీలు. ఎడమ ఖాళీలో ఒక తీగచుట్ట, కుడి ఖాళీలో ఇంకో తీగచుట్ట బిగించి, బ్యాటరీ కలిపి, జాకీ అనే మొనతో కింది తీగను అక్కడక్కడా తాకుతూ పోవాలి. ఒక చోట కరెంటు ఎటు పోతోందో చూపించే గాల్వనామీటరు ముల్లు ఎడమకి కొడుతుంది, ఇంకో చోట కుడికి కొడుతుంది. మధ్యలో ఒకే ఒక్క చోట కదలకుండా సున్నా మీద నిలబడుతుంది. అక్కడ తీగ ఎడమ ముక్క పొడుగుకీ కుడి ముక్క పొడుగుకీ ఏ నిష్పత్తి ఉందో, పైనున్న చుట్టల నిరోధాలకీ అదే నిష్పత్తి. ఒక చుట్ట నిరోధం ముందే తెలిస్తే, తెలియని రెండోదాన్ని లెక్కకట్టేయొచ్చు. చుట్టల్ని అటూ ఇటూ మార్చితే ఆ ముక్కల పొడుగులూ తారుమారవుతాయి, అందుకే రెండు రీడింగులూ కలిపితే సరిగ్గా వంద రావాలి.

ఇదంతా నాకు మా మావయ్య నేర్పారు. లాబ్ సామాను బజారులో ఆయన్ని సున్నా మేస్త్రి అంటారు. ముల్లు సున్నా మీద నిలబడేదాకా బోర్డును గడప దాటనివ్వరని ఆ పేరు. మొదటి రోజు ఆయన నాకు చెప్పిన మాట ఇది. "ముల్లు కదల్లేదంటే కరెంటు లేదని కాదమ్మా. రెండు వైపులా ఒకే బలం ఉందని. ఎవరూ ఎవర్నీ తొయ్యట్లేదు, అంతే." మా ఇంట్లో అలాంటి చోటు ఆ బల్ల ఒక్కటేనని నాకు తొందరగానే అర్థమైంది.

మా వర్క్‌షాపులో ఒక పద్ధతుంది. ఒక్కో బోర్డుకి ఇద్దరు మనుషులు, ఒక్కో మనిషికి ఒక్కో కొస. పొడుగాటి బల్లకి రెండు చివరలా రెండు స్టూళ్ళు, రెండు టంకం ఐరన్లు, రెండు దీపాలు. ఎడమ కొస మావయ్యది. కుడి కొసన పనిచేసే అతను మానేశాక ఎవరూ దొరక్కపోతే, వంటయ్యాక నేను వెళ్ళి కూర్చున్నాను. మా ఆయనకి అది నచ్చలేదు. మావయ్యే "అమ్మాయి చెయ్యి నిలకడగా ఉందిరా" అని నోరు మూయించారు. అప్పట్నుంచీ పొద్దున వంటా, మధ్యాహ్నం బల్లా, సాయంత్రం మళ్ళీ వంటా. రాత్రికి కాళ్ళు పీకుతాయి. అయినా సరే ఆ స్టూలంటే నాకు ప్రాణం. ఇంట్లో "ఇటు రా, అటు పో" అని ఎవరూ పిలవని చోటు అదొక్కటే.

ఆ స్టూలుకే ఇప్పుడు ముప్పొచ్చింది.

అన్నం తినేటప్పుడు మా ఆయన మొదలుపెట్టాడు. "కుడి కొసకి ఎవరినైనా చూస్తాను నాన్నా. ఈ పని తెలిసినవాడు కావాలి. తను ప్యాకింగు చూసుకుంటుంది."

తను అంటే నేను. ఎదురుగా కూర్చున్నా పేరుకి కూడా నా వైపు చూడలేదు.

"మీరు టెస్టు చేసే పంపారుగా?" అన్నాను. "అప్పుడెందుకు బయటపడలేదు?"

"చేశాను. సమానమైన చుట్టలు రెండూ పెడితే నలభై తొమ్మిది దగ్గర నిలబడింది. యాభైకి ఆ మాత్రం తేడా చుట్టల్లోనే ఉండొచ్చని వదిలేశాను."

"మార్చి పెట్టి చూడలేదా?"

మా ఆయన కూరగిన్నె దగ్గరికి లాక్కున్నాడు. మార్చి పెట్టాలంటే మరలు విప్పి మళ్ళీ బిగించాలి, అదొక పని. అంత ఓపిక మా ఆయనకి ఎప్పుడూ లేదు. ఒక్కసారి చూసి పంపేయడమే.

అత్తయ్య మావయ్యకి మంచినీళ్ళు పోస్తూ, అలవాటుగా సగం గ్లాసుకే ఆపేసింది. కొంతకాలంగా ఆవిడ అంతే పోస్తోంది. నిండా పోస్తే ఆయన నోటిదాకా వెళ్ళేలోపు చొక్కా తడుస్తుంది. ఈ సంగతి ఇంట్లో అందరం చూస్తూనే ఉన్నాం. పెద్దతనం అనుకుని ఊరుకున్నాం. దాన్ని టంకంతో కలిపి ఆలోచించాలన్న ఊహ ఎవరికీ రాలేదు, నాతో సహా.

మావయ్య సగం గ్లాసూ తాగి లేచారు. "ముందు పరీక్ష. మాటలు తర్వాత" అన్నారు.

తిరిగొచ్చిన బోర్డుల్ని ఒక్కొక్కటే పరీక్షబల్ల మీద పెట్టాం. చుట్టలు బిగించడం నా వంతు, జాకీ ఆయన వంతు. జాకీని తీగ మీద రుద్దకూడదు, అరిగిపోతుంది. మెల్లగా తాకించి తీయాలి. ఆ రోజు ఆయన చేతిలో జాకీ తీగ మీద టకటకమని కొట్టుకుంది. ముల్లు పిచ్చెక్కినట్టు ఊగింది. రెండో చేత్తో మణికట్టు పట్టుకున్నా ఆగలేదు. కాసేపు చూసి, "నువ్వే తాకించమ్మా, నేను ముల్లు చూస్తా" అని జాకీ నాకిచ్చారు. గొంతులో ఏ తేడా లేదు.

సమానమైన రెండు చుట్టలు పెట్టాం. నలభై తొమ్మిది. అటుది ఇటు మార్చాం. మళ్ళీ నలభై తొమ్మిది. తేడా చుట్టల్లోదే అయితే, మార్చినప్పుడు యాభై ఒకటి రావాలి. రాలేదు. ముల్లు బోర్డు తప్పునే చూపిస్తోంది.

"చూశావా?" అని మా ఆయన గోడకి ఆనుకుని నిలబడ్డాడు. "బోర్డుదే తప్పు."

"ఉండరా." మావయ్య రెండు ఓముల చుట్టా మూడు ఓముల చుట్టా తీసి నాకిచ్చారు. ఎడమన రెండు, కుడిన మూడు పెడితే నలభై దగ్గర నిలబడాలి. ముప్పై ఎనిమిదీ ముప్పాతిక దగ్గర నిలబడింది. మార్చితే అరవై రావాలి. యాభై తొమ్మిదీ పావు వచ్చింది. కలిపితే మళ్ళీ తొంభై ఎనిమిది. వేరే బోర్డు తీశాం. కొంచెం ఎక్కువో తక్కువో, అదే వరస.

"తీగ మందంలో తేడా ఉందేమో?" అన్నాను. తప్పు తీగదైతే బాగుండునని.

"తీగది అయితే ఒక్కో జతకి ఒక్కోలా వచ్చేది. ఏ జత పెట్టినా తగ్గేది ఆ రెండే. తప్పు కొసలోది."

అందులో ఇంకో సంగతి కూడా ఉంది. అది మా ఆయనకి తెలియదు గానీ మా ఇద్దరికీ తెలుసు. టంకం గట్టిపడే ఆ కాసేపూ తీగ కదలకూడదు. కదిలితే పైకి అతుక్కున్నట్టే ఉంటుంది, లోపల పట్టదు. డ్రై సోల్డర్ అంటారు. దాన్ని దాటడానికి కరెంటు అవస్థ పడుతుంది. ఆ అవస్థ, తీగ అక్కడ రెండు సెంటీమీటర్లు ఎక్కువున్నదానితో సమానం. స్కేలు మీద కనపడని దొంగతీగ అది. దొంగతీగ కుడి కొసన ఉంటే సున్నా చోటు కుడికి జరుగుతుంది. అప్పుడు రెండు రీడింగులూ కలిపితే వంద దాటుతుంది. ఎడమ కొసన ఉంటే సున్నా చోటు ఎడమకి జరుగుతుంది. కలిపితే వంద కన్నా తగ్గుతుంది.

మాకు వచ్చింది తొంభై ఎనిమిది.

నేను తలెత్తలేదు. నా తప్పు కాదని తేలిపోయింది. సంతోషించాలి కదా? బిగించిన మరల్నే మళ్ళీ బిగించాను.

"ఎడమ కొస" అన్నారు మావయ్య.

మా ఆయన మొహం చూసి తీరాల్సిందే. "ఎడమ అంటే... మీదా నాన్నా?" అని, వెంటనే సర్దుకున్నాడు. "మీది ఎందుకవుతుంది? ఆ ఐరన్ పాతది. వేడి సరిగా ఎక్కదు. ఆ కొసకి కిటికీ గాలి కూడా కొడుతుంది. చోటులోనే ఏదో తేడా ఉంది."

నా కొస అనుకున్నప్పుడు మనిషిని మార్చేద్దామన్నాడు. నాన్న కొస అని తేలగానే ఐరన్, కిటికీ, గాలీ గుర్తొచ్చాయి. నవ్వాలో ఏడవాలో తెలియలేదు. నోరు తెరిస్తే ఏదంటే అది అనేస్తానని పెదవి కొరుక్కున్నాను.

మావయ్య టంకం మీద పూసిన ఎర్ర లక్కరంగుని వేలితో తడుముతున్నారు. రాగికి చిలుము పట్టకుండా ఆ రంగు ఆయనే పూస్తారు. దాని కింద టంకం మెరుస్తోందో, బూడిదరంగులో గరుగ్గా ఉందో పైకి కనపడదు.

"చోటుదో మనిషిదో తేల్చాలి" అన్నారు. "చుట్టల్ని మార్చినట్టే మనుషుల్నీ మారుద్దాం. ఐరన్లు కదపొద్దు, స్టూళ్ళు కదపొద్దు, కిటికీ అలాగే ఉండనీ. అమ్మాయ్, నువ్వు ఎడమ కొసన కూర్చో. నేను కుడి కొసన కూర్చుంటా. కొత్తగా మూడు బోర్డులు చేద్దాం. తక్కువ ఎడమ కొసనే ఉండిపోతే చోటుది. నాతోపాటు కుడికి వస్తే..."

జాకీని డ్రాయరులో పెట్టి మూసేశారు.

మర్నాడు వంట ముగించి ఆయన స్టూలు మీద కూర్చున్నాను. నా కొసన ఆయన కూర్చున్నారు. తీగ కొసని రాగి పట్టీ మీద పెట్టి, టంకం కరిగించి, ఐరన్ తీసి, ఊపిరి బిగబట్టాను. మెరిసే ముత్యంలా పడింది. పాత ఐరన్ నిక్షేపంగా ఉంది. కిటికీ గాలి చల్లగా, హాయిగా తగిలింది. చోటులో ఏ తేడా లేదని నా చేతికి మొదటి బోర్డుతోనే తెలిసిపోయింది.

తర్వాత మర తిప్పి తీగను బిగించి, బోర్డు రెండో కొసని ఆయన ముందుకి జరిపాను. ఎప్పుడూ ఎవరి పని వాళ్ళం తలొంచుకుని చేసుకునేవాళ్ళం. అలా కూర్చుని ఆయన చేతుల్ని చూడటం నాకదే మొదటిసారి. ఐరన్ ఆనించేటప్పుడు ఫరవాలేదు. ఐరన్ తీశాక, టంకం గట్టిపడే ఆ కాస్తసేపు తీగను చిమటాతో పట్టుకుని ఉండాలి. ఆ కాస్తలోనే వేళ్ళు వణికాయి. తీగ కదిలింది. ద్రవంలా మెరిసిన టంకం చూస్తుండగానే పాలిపోయి గరుకెక్కింది.

ఆయన చూశారో లేదో తెలియదు. కళ్ళజోడు పైకి తోసుకుని, లక్కరంగు సీసా మూత తీశారు.

నాకు ఎంత కోపం వచ్చిందో చెప్పలేను. ఎవరి మీదో కూడా చెప్పలేను. ఇన్నాళ్ళూ చూసీ చూడనట్టున్న మా అందరి మీదా, గోడకి ఆనుకుని నిలబడే మా ఆయన మీదా, నలభై ఏళ్ళు నిలబడి ఇప్పుడు వణికిన ఆ చేతి మీదా. ఈ మూడు బోర్డులూ పరీక్షకెక్కితే రేపు ఈ ముసలాయన స్టూలు దిగాలి. దిగి ఏం చేస్తారు? వీధి అరుగు మీద కూర్చుని వచ్చేపోయేవాళ్ళని లెక్కపెడతారా? ఆయన ఒక మాట సాయం చెయ్యకపోతే నేనసలు ఈ బల్ల దగ్గరికి వచ్చేదాన్నే కాదు.

అప్పుడు తట్టింది. రెండు కొసల్లోనూ దొంగతీగ సమానంగా ఉంటే? ఎడమ రెండు తగ్గిస్తుంది, కుడి రెండు పెంచుతుంది. కలిపితే వంద. ముల్లుకి ఏ తేడా తెలియదు.

ఆయన రంగు పూసి పక్కకి తిరిగాక, మొదటి బోర్డు ఎడమ కొసని మళ్ళీ వేడి చేశాను. ఐరన్ తీసి, టంకం గట్టిపడుతుండగా తీగను చిమటాతో కావాలనే కదిపాను. ఆయన చేతిలో ఎంత కదిలిందో అంతే. నా ముత్యం బూడిదైంది. మిగతా రెండూ అలాగే చేశాను. మంచి టంకం వేయడం నేర్చుకోవడానికి నాకు నెలలు పట్టింది. పాడు చేయడం ఇట్టే వచ్చేసింది. పైన లక్కరంగు దట్టంగా పూసి ఆరబెట్టాను.

సాయంత్రం పరీక్షకి మా ఆయన కూడా వచ్చాడు. అత్తయ్య గుమ్మంలో నిలబడింది. సమానమైన చుట్టలు పెట్టి జాకీ తాకించాను. ముల్లు యాభై దగ్గర నిలబడింది. మార్చాను. మళ్ళీ యాభై. రెండో బోర్డు వందకి వెంట్రుకవాసి తక్కువ, మూడోది వెంట్రుకవాసి ఎక్కువ.

"నేను చెప్పలేదూ?" మా ఆయన చప్పట్లు కొట్టినంత పని చేశాడు. "చేతిదీ కాదు, మనిషిదీ కాదు. ఏదో పాత తీగ, పాడు టంకం అయ్యుంటుంది. కొత్త సామానుతో చేస్తే చూడండి, బంగారంలా వచ్చాయి. ఆ పాతవాటికి టంకం మళ్ళీ వేసి పంపేద్దాం."

అత్తయ్య కొంగుతో మొహం తుడుచుకుంది. నేను చుట్టల మరలు విప్పడం మొదలుపెట్టాను. ఒంట్లో ఎక్కడా శక్తి లేదు, పడుకుంటే చాలు అనిపించింది.

"ఉండమ్మా" అన్నారు మావయ్య.

డ్రాయరు తీసి రెండు చుట్టలు ఇచ్చారు. ఒకటి ఒక ఓము, ఇంకోటి నాలుగు. ఆ జత నాకు గుర్తే రాలేదు. సమానమైన చుట్టలతో ముల్లు ఎలాగూ నడిమధ్యే నిలబడుతుంది. రెండు కొసలూ ఒకేలా పాడైతే ఆ నడిమధ్య ఎటూ జరగదు. సున్నా చోటు కొస దగ్గరికి వెళితేనే గుట్టు బయటపడుతుంది. ఎడమన ఒకటి, కుడిన నాలుగు బిగించాను. ఇరవై దగ్గర నిలబడాలి.

పద్దెనిమిదీ ముప్పాతిక.

"మార్చు."

ఎనభై రావాలి. ఎనభై ఒకటీ పావు వచ్చింది.

"కలిపితే వందేగా నాన్నా?" అన్నాడు మా ఆయన.

"వందే. రెండు రీడింగులూ తప్పే" అన్నారు మావయ్య. బోర్డుని తనవైపు తిప్పుకుని, చాకుమొనతో ఎడమ కొస లక్కరంగు గీకారు. చెయ్యి వణుకుతుంటే చాకు రాగి మీద గీతలు గీసింది. ఎవరం సాయం వెళ్ళలేదు. భూతద్దం పెట్టి చాలాసేపు చూశారు. తర్వాత కుడి కొస గీకి, దాన్నీ చూశారు. అద్దం దించి నా వైపు తిరిగారు. ఆ చూపుని తట్టుకోలేక నేను తల తిప్పేసుకున్నాను.

"రెండు కొసలూ పాడే" అన్నారు. "ఒకటి చెయ్యి వణికి పాడైంది. ఇంకోటి వణక్కుండా పాడైంది."

మా ఆయనకి అర్థం కావడానికి కాస్త సమయం పట్టింది. అర్థమయ్యాక నా మొహం, వాళ్ళ నాన్న మొహం మార్చి మార్చి చూశాడు.

"మావయ్యా, నేను..."

"తెలుసులే." ఆయన గొంతులో కోపం లేదు, అలసట ఉంది. నాకున్న అలసటే ఆయనకీ ఉందని అప్పుడు తెలిసింది. "కాలేజీలో ఆ పిల్లలు చేసిందే మళ్ళీ మళ్ళీ చేస్తున్నారని ఆ మేడం చెప్పలేదూ? ఇలాంటి బోర్డు వాళ్ళ చేతికి వెళ్ళిందనుకో, ముల్లు సరిగ్గా నిలబడుతుంది. కలిపితే వంద వస్తుంది. లెక్క మాత్రం ఎప్పటికీ తప్పే వస్తుంది. తప్పు ఎక్కడుందో వాళ్ళకి ఈ జన్మలో దొరకదు. నువ్వు చేసింది నా తప్పు కన్నా పెద్ద తప్పు. నాది కనీసం కనపడింది."

నాకు ఏడుపొచ్చింది. ఆపుకోవాలని కూడా అనిపించలేదు.

"ఎడమ కొస విప్పి మళ్ళీ వెయ్యి. నీ చేతితో ఎలా వేస్తావో అలా వెయ్యి" అన్నారు.

అందరూ చూస్తుండగా వేశాను. కళ్ళు మసకగా ఉన్నా చెయ్యి కదల్లేదు, దాని పని అది చేసుకుపోయింది. టంకం మెరిసింది. చల్లారేదాకా ఆగి, బోర్డుని పరీక్షబల్ల మీద పెట్టి, సమానమైన చుట్టలు బిగించి జాకీ తాకించాను. ముల్లు నిలబడిన చోటు చూసి మళ్ళీ తాకించాను.

"చదువమ్మా" అన్నారు.

"యాభై ఒకటి."

"మార్చు."

మార్చాను. "యాభై ఒకటి."

"కలిపితే?"

"నూట రెండు, మావయ్యా."

"తప్పు నాతోపాటే వచ్చింది" అన్నారు. "చోటుది కాదు."

లేచి వెళ్ళి కుడి కొసన ఐరన్ ప్లగ్గు తనే పీకారు. అది చల్లారేదాకా దాని పక్కనే నిలబడ్డారు. తర్వాత నా వైపు చూసి, "రేపట్నుంచి రెండు కొసలూ నీవే" అన్నారు. మా ఆయన వైపు తిరిగి, "పరీక్ష నాది. నువ్వు ఒక్కసారి చూసి వదిలేస్తావు. నేను మార్చి మార్చి చూస్తా. జాకీ తాకించడానికి మాత్రం నువ్వుండాలి" అన్నారు.

"సరే నాన్నా" అన్నాడు మా ఆయన. నేలచూపులు చూస్తూ ముందుగదిలోకి వెళ్ళి, గోడవారనున్న పెట్టెల్ని ఒక్కొక్కటే విప్పడం మొదలుపెట్టాడు. ఆ బోర్డులన్నిటి ఎడమ కొసలూ నేను తీసి మళ్ళీ వేయాలి. ఎప్పటికి తెములుతుందో.

నేను కోరుకున్న బల్ల నాకు దక్కింది. రెండు స్టూళ్ళు, రెండు ఐరన్లు, రెండు దీపాలు, అన్నీ నావే. ఇంత దిగులుగా ఎప్పుడూ లేను.

అన్నాల దగ్గర మావయ్య మంచినీళ్ళడిగారు. అత్తయ్య కూర్చుని ఉంటే నేనే లేచి, అలవాటుగా సగం గ్లాసు పోశాను.

"నిండా పొయ్యమ్మా" అన్నారు ఆయన. "ఒలికితే ఒలకనీ."

నిండా పోశాను. ఆయన రెండు చేతులా పట్టుకుని ఎత్తారు. గడ్డం మీదా చొక్కా మీదా ఒలికింది. ఎవరం తల తిప్పుకోలేదు. ఆయన మొత్తం తాగి గ్లాసు కింద పెట్టేదాకా చూస్తూ కూర్చున్నాం.